నెలనెలా 5,000 సిప్: యూనిట్లు ఎన్ని వస్తాయి, సగటు ధర ఎంత పడుతుంది, పుస్తకం పెన్ను పట్టుకుని లెక్క వేద్దాం

మా బావమరిదికి తిరుపతిలో లీలామహల్ సర్కిల్ దగ్గర చిన్న మొబైల్ షాపు ఉంది. రోజువారీ బేరం, కరెంటు బిల్లు, చీటీ కంతులు అన్నీ ఒక పొడుగు నోటుపుస్తకంలో రాసుకునే మనిషి. పోయినేడాది జనవరి నుంచి సిప్ కడుతున్నాడు, అంటే నెలనెలా ఒకే తేదీన 5,000 ఒక మ్యూచువల్ ఫండ్‌కి పోతుంది, ఆ డబ్బుకి యూనిట్లు, అంటే ఆ ఫండ్‌లో చిన్న చిన్న వాటాలు, వస్తాయి. జూన్‌లో ఒక సాయంత్రం ఆ పుస్తకం చేతబట్టుకుని మా ఇంటికొచ్చాడు.

"బావా, ఈ యాప్ తప్పు చూపిస్తా ఉంది చూడు. ఆరు నెలలు కట్టినా. ఆరు ధరలు కూడి ఆరుతో భాగిస్తే 46 వస్తుంది. వీళ్లేమో 45.67 అంటారు."

యాప్ తప్పు కాదు. మనవాడి కూడిక, భాగహారం కూడా తప్పు కాదు. వాడు లెక్క కట్టింది ఆరు రోజుల ధరల సగటు, యాప్ లెక్క కట్టింది వాడి దగ్గరున్న ఒక్కో యూనిట్‌కి పడిన ఖర్చు. చూడ్డానికి ఒకటే అనిపించినా ఈ రెండూ వేర్వేరు ప్రశ్నలు. ఆ రోజు వాడికి చెప్పిందే ఇక్కడ వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే సిప్ కట్టేవాళ్లలో చాలామందికి డబ్బు కట్ అయిన మెసేజ్ గుర్తుంటుంది గానీ దానికి ఎన్ని యూనిట్లు వచ్చాయో, ఏ రోజు ధరకు వచ్చాయో అడిగితే చెప్పలేరు.

ముందు టమోటా లెక్క

ఫండ్ పక్కన పెట్టి రైతుబజారుకి పదండి. మీరు వారానికి సరిగ్గా 100 రూపాయల టమోటా కొంటారు అనుకుందాం, కిలోల లెక్కన కాదు, డబ్బు లెక్కన. మొదటి వారం కిలో 50, కాబట్టి 2 కిలోలు వచ్చాయి. రెండో వారం మదనపల్లె నుంచి లోడ్లు బాగా దిగి ధర 20కి పడింది, అదే 100కి 5 కిలోలు. మొత్తం 200 ఖర్చు, 7 కిలోలు సంచిలో. కిలో ఎంత పడినట్టు? 200ని 7తో భాగిస్తే 28 రూపాయల 57 పైసలు. రెండు ధరలు కూడి సగం చేస్తే మాత్రం 35 వస్తుంది. ఆ 35కి మీ సంచితో సంబంధమే లేదు, ఎందుకంటే ఖరీదైన వారం మీరు 2 కిలోలే కొన్నారు, చౌకైన వారం 5 కిలోలు కొన్నారు. చౌక ధరకు బరువు ఎక్కువ పడింది, సగటు అటువైపు లాగింది.

సిప్ లెక్క అంతా ఇదే. కిలోకి బదులు యూనిట్, కిలో ధరకి బదులు ఎన్‌ఏవీ, అంటే ఆ రోజు ఒక యూనిట్ ధర. కట్టే డబ్బు మారదు, ధర మారుతుంది, కాబట్టి వచ్చే యూనిట్లు మారతాయి.

మొదటి అడుగు: ఏ రోజు ధర మీకు వర్తించిందో పట్టుకోండి

చాలామంది తప్పు మొదలయ్యేది ఇక్కడే. మీరు సిప్ తేదీ 5 అని పెట్టుకున్నారు కాబట్టి 5వ తేదీ ధరే వస్తుందనుకుంటారు. 2021 ఫిబ్రవరి 1 నుంచి మార్కెట్‌ని నియంత్రించే సెబీ పెట్టిన నియమం ఏమిటంటే మీ డబ్బు ఫండ్ ఖాతాకి నిజంగా చేరిన రోజు ధరే మీది. షేర్లలో పెట్టే ఈక్విటీ ఫండ్లలో మధ్యాహ్నం 3 గంటల లోపు చేరితే ఆ రోజు ఎన్‌ఏవీ, దాటితే తర్వాతి పనిరోజుది. మీ బ్యాంకులో డబ్బు కట్ అయిన తేదీ, ఫండ్‌కి చేరిన తేదీ ఒకటే కావచ్చు, మధ్యలో ఏదైనా యాప్ ద్వారా పోతే ఒక రోజు తేడా కూడా రావచ్చు.

ఇంకో సంగతి. ఆ రోజు ఎన్‌ఏవీ మార్కెట్ మూసిన తర్వాత, ఫండ్ దగ్గరున్న షేర్ల విలువ అంతా కట్టి, ఖర్చులు తీసేసి, ఉన్న యూనిట్లతో భాగిస్తే వచ్చేది. రాత్రికి ప్రకటిస్తారు. అంటే 3 గంటలకి డబ్బు పంపేవాడికి తాను ఏ ధరకు కొంటున్నాడో తెలియదు. యాప్‌లో పొద్దున కనిపించే ధర నిన్నటిది. "నేను చూసినప్పుడు 41.20 ఉంది, నాకు 42కి ఇచ్చారు" అని గొడవ పడేవాళ్లు ఇది మర్చిపోతారు.

మా బావమరిది సిప్ తేదీ 5. 2025లో జనవరి 5 ఆదివారం పడింది, కాబట్టి వాడికి సోమవారం 6వ తేదీ ధర వచ్చింది. ఏప్రిల్ 5 శనివారం, అది 7వ తేదీ సోమవారానికి జరిగింది. ఆ సోమవారం గుర్తుందా? అమెరికా సుంకాల భయంతో నిఫ్టీ ఒక్కరోజులో 740 పాయింట్ల పైన పడింది. వీడికి ఆ పడిన ధరే దక్కింది. తెలివి కాదు, క్యాలెండర్ చేసిన పని అది. అదే తేదీ 4 పెట్టుకున్నవాడికి శుక్రవారం ధర పడి ఉంటుంది. అలాగని తేదీలు వెతుక్కుంటూ కూర్చోకండి, ఇంకో నెల ఇదే జరుపుడు ఎదురు కొడుతుంది.

ఖచ్చితమైన తేదీ కోసం యాప్‌ని నమ్ముకోవద్దు, ఫండ్ పంపే అకౌంట్ స్టేట్‌మెంట్ చూడండి. ఫండ్ల తరఫున ఖాతాల లెక్క చూసే క్యామ్స్, కేఫిన్‌టెక్ సైట్లలో మీ పాన్‌కి కట్టిన ఈమెయిల్‌తో అడిగితే అన్ని ఫండ్లూ కలిపిన స్టేట్‌మెంట్ మెయిల్‌కి వస్తుంది. అందులో ప్రతి కంతుకీ తేదీ, మొత్తం, ధర, యూనిట్లు ఒక వరుసలో ఉంటాయి. ధర సరిపోల్చుకోవాలంటే `amfiindia.com`లో పాత తేదీల ఎన్‌ఏవీలు దొరుకుతాయి, కానీ పథకం పేరు చివరిదాకా చదవండి. ఒకే ఫండ్‌కి డైరెక్ట్ ప్లాన్ ఒక ధర, రెగ్యులర్ ప్లాన్ ఇంకో ధర, గ్రోత్ ఆప్షన్ ఒకటి, డబ్బు పంచే ఆప్షన్ మరొకటి. పక్క వరుసలోని ధర పట్టుకుని యూనిట్లు తక్కువిచ్చారని రెండు రోజులు తల పట్టుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ని.

రెండో అడుగు: స్టాంప్ డ్యూటీ తీసేసి భాగించండి

2020 జూలై 1 నుంచి మ్యూచువల్ ఫండ్ కొనుగోలు మీద 0.005 శాతం స్టాంప్ డ్యూటీ ఉంది. 5,000కి అది 25 పైసలు. ఇంతేనా అనిపిస్తుంది, నిజంగా ఇంతే, కానీ ఈ పావలా లెక్కలోకి తీసుకోకపోతే మీ యూనిట్లు స్టేట్‌మెంట్‌తో మూడో దశాంశం దగ్గర కలవవు, అప్పుడు మిగతా లెక్క మీద కూడా అనుమానం మొదలవుతుంది. కాబట్టి యూనిట్లు కొనేది 5,000తో కాదు, 4,999.75తో.

జనవరి 6న ధర 50 అనుకుంటే 4,999.75ని 50తో భాగించాలి. 99.995 యూనిట్లు. వంద రావాల్సిందే, ఆ పావలా వల్ల కొసరు తగ్గింది. యూనిట్లను మామూలుగా మూడు దశాంశాల దాకా ఇస్తారు. చివరి అంకె దగ్గర ఒకటి అటూ ఇటూ అయితే పట్టించుకోకండి, అది గుండ్రం చేసే పద్ధతిలో తేడా.

ఇదిగో ఆరు నెలల పట్టిక. ఫండ్ పేరు రాయడం లేదు, ధరల్ని కూడా లెక్కకి తేలిగ్గా ఉండాలని గుండ్రం చేశాను, పడి లేచిన తీరు మాత్రం అదే.

| తేదీ, 2025 | యూనిట్ ధర | వచ్చిన యూనిట్లు |
|---|---|---|
| జనవరి 6 | 50.00 | 99.995 |
| ఫిబ్రవరి 5 | 48.00 | 104.161 |
| మార్చి 5 | 42.00 | 119.042 |
| ఏప్రిల్ 7 | 40.00 | 124.994 |
| మే 5 | 46.00 | 108.690 |
| జూన్ 5 | 50.00 | 99.995 |

చివరి నిలువు వరుస కూడితే 656.877 యూనిట్లు. ఏప్రిల్ కంతుకీ జనవరి కంతుకీ తేడా చూడండి, అదే 5,000కి 25 యూనిట్లు ఎక్కువ.

మూడో అడుగు: మొత్తం డబ్బు, మొత్తం యూనిట్లు, ఒకే ఒక భాగహారం

కట్టింది 30,000. చేతిలో ఉన్నవి 656.877 యూనిట్లు. భాగిస్తే 45.67. యాప్ చూపించింది ఇదే. స్టాంప్ డ్యూటీ తీసేసిన 29,998.50తో భాగించినా 45.67 దగ్గరే ఉంటుంది, తేడా పావు పైసా కూడా కాదు. కొన్ని చోట్ల ఇలా, కొన్ని చోట్ల అలా కడతారు, మూడో దశాంశం దాకా చూసేవాళ్లకే ఆ తేడా కనిపిస్తుంది.

కంప్యూటర్‌లో పెట్టుకోవాలంటే ఎక్సెల్ చాలు. A గడిలో తేదీ, B లో కట్టిన మొత్తం, C లో స్టాంప్ డ్యూటీ, D లో ధర, E లో యూనిట్లు. రెండో వరుస నుంచి మొదలుపెట్టండి.

```
C2:  =ROUND(B2*0.005/100.005,2)
E2:  =ROUND((B2-C2)/D2,3)
B8:  =SUM(B2:B7)
E8:  =SUM(E2:E7)
F8:  =B8/E8
```

మా బావమరిది నోటుపుస్తకంలో చేసింది ఎక్సెల్ భాషలో చెప్పాలంటే ఇది:

```
=AVERAGE(D2:D7)
```

దీనికి 46 వస్తుంది. డబ్బు ప్రతినెలా ఒకటే అయితే, అన్ని ధరలూ ఒకటే కానంతవరకు, మీ సగటు ఖర్చు ఈ ధరల సగటు కంటే ఎప్పుడూ కిందే ఉంటుంది. టమోటా సంచిలో చూశాం కదా, చౌక ధరకు ఎక్కువ బరువు పడుతుంది. దీన్ని హరాత్మక సగటు అని ఇంటర్‌లో చదివే ఉంటారు, పేరు మర్చిపోయినా నష్టం లేదు.

అయితే "అందుకే సిప్ గొప్పది" అని అమ్మేవాళ్లు దీన్ని ఊదరగొడతారు, అక్కడ నాకు కొంచెం చిరాకు. ఆ తేడా ఎంతో చూడండి. 46కీ 45.67కీ మధ్య 33 పైసలు. 656 యూనిట్ల మీద దాదాపు 216 రూపాయలు. ధర 50 నుంచి 40కి, మళ్లీ 50కి, అంటే 20 శాతం పడి లేచిన ఆరు నెలల్లో ఈ లెక్క మాయ వల్ల వచ్చింది అంతే. జూన్ 5న వాడి యూనిట్ల విలువ 50 చొప్పున 32,843.85. లాభం 2,844 దగ్గర. అందులో ఎక్కువ భాగం కింద ధరలకు కొన్న యూనిట్లు తర్వాత ధర లేవడం వల్ల వచ్చింది. ధర లేవకపోతే?

ఇక్కడ కాస్త ఆగండి: అదే సగటు, ఉల్టా ఫలితం

అవే ఆరు ధరల్ని తీసుకుని వరుస మారుద్దాం. జనవరిలో 50, ఫిబ్రవరిలో మళ్లీ 50, తర్వాత 48, 46, 42, చివరికి జూన్‌లో 40. యూనిట్లు అవే 656.877. సగటు ఖర్చు అదే 45.67, పైసా మారదు. ఎందుకంటే కూడికకి వరుసతో పనిలేదు. కానీ జూన్‌లో ధర 40, విలువ 26,275. అంటే 3,725 నష్టం.

మొదటి వరుసలో దాదాపు 2,844 లాభం, రెండో వరుసలో 3,725 నష్టం, రెండింటికీ సగటు ఖర్చు ఒక్కటే. సగటు ఖర్చు లాభం చెప్పదు, లాభానికి గీత ఎక్కడుందో చెబుతుంది. ఈ రోజు ధర 45.67 పైనుంటే లాభంలో ఉన్నారు, కిందుంటే నష్టంలో ఉన్నారు, అంతే. ఆ గీత కిందికి దిగడం మాత్రమే చూసి "సగటు తగ్గింది కదా" అని సంతోషపడేవాళ్లు ఈ రోజు ధర దానికంటే ఇంకా కింద ఉన్న సంగతి గమనించరు.

మూడో వరుస కూడా చూద్దాం, ఎక్కుతూనే పోయే మార్కెట్. 50, 52, 54, 56, 58, 60. పావలాల్ని వదిలేస్తే యూనిట్లు 547.57 వస్తాయి, సగటు ఖర్చు 54.79, చివరి విలువ 32,850 దగ్గర. పడి లేచిన మొదటి వరుసకి దాదాపు అంతే వచ్చింది! కానీ ఇక్కడ జనవరిలోనే 30,000 చేతిలో ఉండి ఒకేసారి పెట్టినవాడికి 600 యూనిట్లు వచ్చి విలువ 36,000 అయ్యేది. మొదటి వరుసలో అదే మనిషి 50 నుంచి 50కి వచ్చి సున్నా దగ్గర నిలబడేవాడు. కాబట్టి నెలనెలా కట్టడం పడి లేచే మార్కెట్‌లో గెలుస్తుంది, తిన్నగా ఎక్కే మార్కెట్‌లో ఓడిపోతుంది. చేతిలో ఒకేసారి 30,000 లేనివాడికి, మా బావమరిదిలాగా నెల బేరంలోంచి తీసి కట్టేవాడికి, ఈ పోలిక ఎలాగూ వర్తించదు.

కంతు తప్పితే లెక్క ఏమవుతుంది

నాకే జరిగింది, కొన్నేళ్ల కింద. సిప్ రోజు ఖాతాలో 300 తక్కువైంది. కంతు బౌన్స్ అయింది, యూనిట్లు రాలేదు, పైగా బ్యాంకు వాళ్లు 500 ఛార్జీ, దాని మీద జీఎస్టీ 90, మొత్తం 590 పట్టుకున్నారు. 5,000 కంతు మీద 590 అంటే ఎంత శాతమో ఆలోచిస్తే ఇప్పటికీ కడుపు మండుతుంది. ఈ 590 ఏ యాప్‌లోనూ, ఏ సగటు లెక్కలోనూ కనిపించదు. ఫండ్‌కి దాంతో సంబంధం లేదు కదా.

ఎక్సెల్‌లో నేను చేసిన తప్పు వేరే ఉంది. ఆ నెల వరుసలో 5,000 అలాగే ఉంచి యూనిట్లు మాత్రం సున్నా వేశాను. మన పట్టికలోనే చూద్దాం, మార్చి కంతు తప్పిందనుకోండి. యూనిట్లు 537.835. కట్టింది 25,000. సగటు 46.48. నేను చేసినట్టు 30,000 ఉంచేస్తే 55.78 వస్తుంది. ఏ నెలా 50 దాటని ధరలకి సగటు 55 ఎలా వస్తుంది? సగటు ఎప్పుడూ మీరు కొన్న అతి తక్కువ ధరకీ అతి ఎక్కువ ధరకీ మధ్యే ఉండాలి. బయటికి పోయిందంటే ఏదో వరుసలో డబ్బుందిగానీ యూనిట్లు లేవు, లేదా యూనిట్లున్నాయిగానీ డబ్బు లేదు. తప్పు పట్టుకోవడానికి నాకు తెలిసి ఇంతకంటే సులువైన పద్ధతి లేదు.

స్టేట్‌మెంట్‌లో ఒక్కోసారి కంతు వచ్చినట్టు ఒక వరుస, దాని కిందే అదే మొత్తం మైనస్‌తో ఇంకో వరుస కనిపిస్తుంది. డబ్బు రాలేదని తర్వాత తెలిసి వెనక్కి తీసిన వరుస అది. రెండూ ఎక్కించండి, లేదా రెండూ వదిలేయండి, ఒకటి మాత్రమే ఎక్కించకండి.

ఇంకా చూడండి, మార్చి కంతు తప్పితే సగటు 45.67 నుంచి 46.48కి పెరిగింది. చౌక నెలలో తప్పిన కంతు సగటుని పైకి తోస్తుంది. మార్కెట్ పడుతోందని భయపడి మార్చి, ఏప్రిల్ నెలల్లో సిప్ ఆపేసినవాళ్లు చేసింది సరిగ్గా ఇదే, కాకపోతే వాళ్లకి 590 ఛార్జీ పడలేదు. వరుసగా మూడు నెలలు బౌన్స్ అయితే నెలవారీ సిప్ దానంతటదే రద్దవుతుంది, అది కూడా గుర్తుంచుకోండి.

సగటు ఎందుకు కదలడం మానేస్తుంది

మా బావమరిది ఇంకో ప్రశ్న అడిగాడు, బాగా అడిగాడు. "బావా, మళ్లీ 40కి పడితే సగటు ఇంకా దిగుతుంది కదా?" దిగుతుంది. ఆరు కంతుల తర్వాత ఏడోది 40కి పడితే యూనిట్లు 781.871, కట్టింది 35,000, సగటు 44.76. అంటే 90 పైసలకి పైగా తగ్గింది.

కానీ ఇలాగే ఐదేళ్లు కట్టాడనుకుందాం, 60 కంతులు, 3,00,000 కట్టి సగటు ఇదే 45.67 దగ్గర ఉంది, చేతిలో 6,568 యూనిట్లు. ఇప్పుడు 61వ కంతు 40కి పడితే సగటు 45.56. పది పైసల చిల్లర మాత్రమే. నిండు బిందెలో గ్లాసు చన్నీళ్లు పోసినట్టు. మొదటి ఏడాది సగటుని ఒక్కో కంతు గట్టిగా లాగుతుంది, తర్వాత్తర్వాత ఉన్న మూట బరువే ఎక్కువ. అందుకే ఏళ్ల తరబడి కట్టినవాడు మార్కెట్ పడినప్పుడు "ఈ నెల కంతు సగటుని కాపాడుతుంది" అనుకోవడంలో అర్థం లేదు. వాడి లాభనష్టాలు ఆ పాత 6,568 యూనిట్ల ధర మీదే నడుస్తాయి.

కంతు మొత్తం పెంచితే లెక్క కొంచెం మారుతుంది. జూన్‌లో 50 దగ్గర కంతు 10,000 చేశాడనుకోండి, ఆ నెల ధరకు రెండింతల బరువు పడి సగటు పైకి వస్తుంది. అప్పుడు "ధరల సగటు కంటే మన సగటు ఎప్పుడూ కింద" అన్న నియమానికి హామీ లేదు, ఆ నియమం ప్రతినెలా ఒకటే డబ్బు కట్టినప్పటి మాట. మూడో అడుగులోని భాగహారం మాత్రం ఎప్పుడూ పనిచేస్తుంది: మొత్తం డబ్బు, మొత్తం యూనిట్లు.

అమ్మినప్పుడు సగటు పనికిరాదు

జూలైలో మళ్లీ ఫోను. "బావా, నేనేమీ కొనలేదు, అయినా సగటు 44.21కి తగ్గింది. ఈసారి మాత్రం యాప్ తప్పే."

కొనలేదు, కానీ అమ్మాడు. కూతురి కాలేజీ ఫీజు కోసం, జూలై కంతు పడకముందే, ధర 50 ఉన్నప్పుడు 200 యూనిట్లు తీశాడు. మ్యూచువల్ ఫండ్‌లో అమ్మకం ముందొచ్చినవి ముందు పోయే పద్ధతిలో లెక్కిస్తారు. అంటే పోయింది సగటు ధర యూనిట్లు కాదు. జనవరిలో 50కి కొన్న 99.995 పోయాయి, మిగిలిన 100.005 ఫిబ్రవరిలో 48కి కొన్నవాటిలోంచి పోయాయి. ఖరీదైనవి ముందు పోయాయి కాబట్టి మిగిలిన 456.877 యూనిట్ల సగటు 44.21కి దిగింది. మీరే వేసి చూడండి, ఫిబ్రవరివి 4.156 యూనిట్లు మిగిలాయి, వాటి ఖరీదు 199 రూపాయల 50 పైసలు, దానికి మార్చి నుంచి జూన్ దాకా నాలుగు కంతుల 20,000 కలిపి 456.877తో భాగించండి. మొదటి కంతులు చౌకగా కొన్నవాడికి దీనికి ఉల్టా జరుగుతుంది, అమ్మగానే సగటు పెరుగుతుంది.

దీనికీ పన్నుకీ ముడి ఉంది. సగటుతో చూస్తే వాడికి యూనిట్‌కి 4.33 లాభం, 200 యూనిట్లకి 866. పన్ను లెక్క అలా చూడదు. జనవరి యూనిట్ల మీద లాభం సున్నా, ఫిబ్రవరివాటి మీద యూనిట్‌కి 2 చొప్పున 200. ఆ ఫండ్‌లో ఏడాది లోపు తీస్తే 1 శాతం ఎగ్జిట్ లోడ్, అంటే తొందరగా తీసినందుకు పట్టుకునే మొత్తం, ఉంది, 10,000 మీద 100 అక్కడ పోయింది, అది తీసేస్తే పన్ను కట్టాల్సిన లాభం 100 దగ్గర. ఏడాది లోపు కాబట్టి ఈక్విటీ ఫండ్‌కి 20 శాతం రేటు. ఏడాది దాటితే 12.5 శాతం, అది కూడా ఒక ఆర్థిక సంవత్సరంలో మొత్తం దీర్ఘకాల లాభం 1.25 లక్షలు దాటిన దాని మీదే. ఈ ఏడాది అనేది సిప్ మొదలుపెట్టిన రోజు నుంచి కాదు, ఒక్కో కంతుకీ దాని సొంత తేదీ నుంచి. 2025 జనవరి కంతుకి 2026 జనవరిలో ఏడాది నిండుతుంది, జూన్ కంతుకి మాత్రం 2026 జూన్‌లోనే.

అందుకే వాడి ఎక్సెల్‌లో ఇంకో గడి పెట్టించాను, G లో ప్రతి కంతులో ఇంకా మిగిలిన యూనిట్లు. అమ్మినప్పుడల్లా పైనుంచి కిందికి తగ్గించుకుంటూ రావాలి. ఇప్పుడు జనవరి వరుసలో 0, ఫిబ్రవరి వరుసలో 4.156, మిగతావి అలాగే. ఎప్పుడు సగటు కావాలన్నా ఈ గడి మీదే లెక్క:

```
=SUMPRODUCT(D2:D7,G2:G7)/SUM(G2:G7)
```

44.21 వచ్చింది. వాడు ఒకసారి ఫోనులో యాప్ చూశాడు, ఒకసారి ల్యాప్‌టాప్ చూశాడు, నోటుపుస్తకంలో 46 అని రాసుకున్న చోట అడ్డంగా ఒక గీత గీసి, పక్కన చిన్నగా "మిగిలినవాటికే" అని రాసుకున్నాడు.